సెక్యూరిటీ కోసం ఇచ్చిన ఖాళీ చెక్కు మీద కేసు పడదంటారు, నిజమేనా?

ప్రశ్న: షాపు అద్దెకు తీసుకుంటున్నాను, నెలకు 18 వేలు. అడ్వాన్స్ కాకుండా సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు రెండు ఇవ్వమంటున్నాడు ఓనర్. 'సెక్యూరిటీ చెక్కు మీద కేసు పడదులే, ఇచ్చెయ్' అంటున్నాడు మా ఫ్రెండ్. ఇవ్వొచ్చా?

జవాబు: మీ ఫ్రెండ్ మాట నమ్మి ఇవ్వకండి. నేను అలాగే నమ్మి ఇరుక్కున్నాను.

షాపు సరుకు కోసం మా ఊళ్లో వడ్డీకి ఇచ్చే ఒకాయన దగ్గర 3 లక్షలు తీసుకుని, ప్రోనోటుతో పాటు ఒక చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చాను. పేరు లేదు, మొత్తం లేదు, తేదీ లేదు. అసలు కింద 1,80,000 ఫోన్‌లోనే విడతలుగా పంపేశాను, తర్వాత వడ్డీ లెక్క దగ్గర మాటా మాటా పెరిగింది. ఒకరోజు బ్యాంకు నుంచి మెసేజ్, చెక్కు రిటర్న్ అయిందని. చూస్తే ఆయన పూర్తిగా 3 లక్షలు రాసి వేసుకున్నాడు, నా అకౌంట్లో ఉన్నది పదకొండు వేలు.

చెక్కు మీద రాత ఆయనది, సంతకం ఒక్కటే నాది కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. లాయర్ దగ్గరికి వెళితే మొదట చెప్పింది అదే, ఆ పాయింట్ పనికిరాదని. సంతకం పెట్టి ఖాళీగా ఇచ్చామంటే నింపుకోమని మనమే ఒప్పుకున్నట్టు. బాకీ కోసమే ఇచ్చామని కోర్టు ముందే అనుకుంటుంది, కాదని చూపించాల్సింది మనమే. 2019లో సుప్రీంకోర్టు కూడా ఖాళీ చెక్కు విషయంలో ఇదే చెప్పింది. సెక్యూరిటీ అన్న మాట రాసుకున్నంత మాత్రాన ఏమీ మారదు, చెక్కు బ్యాంకులో పడిన రోజున నిజంగా అంత బాకీ ఉందా లేదా అన్నదే చూస్తారు.

నన్ను కాపాడింది కూడా అదే పాయింట్. కొంత కట్టేశాక, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి వేస్తే, ఆ రోజుకు అంత బాకీ లేదు కాబట్టి చెక్కు బౌన్స్ మీద పెట్టే సెక్షన్ 138 కేసు నిలవదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. నేను చేతికి డబ్బిచ్చి ఉంటే మునిగేవాణ్ణి, ఫోన్‌లో పంపాను కాబట్టి ప్రతి పైసాకు స్టేట్‌మెంట్ ఉంది.

బౌన్స్ అయిన వెంటనే జైలు అని టెన్షన్ పడతారు చాలామంది, అలా ఏమీ ఉండదు. చెక్కు తిరిగొచ్చినట్టు తెలిసిన 30 రోజుల్లోపు అవతలివాళ్లు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అది మనకు అందాక 15 రోజులు టైమ్ ఉంటుంది, ఆ లోపు కట్టేస్తే నేరమే లేదు. కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు మేజిస్ట్రేట్ కోర్టులో కేసు వేయొచ్చు. రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. పోస్ట్‌మ్యాన్ వస్తే తలుపు తీయకుండా ఉంటే సరిపోతుందని ఇంకో తెలివి చెప్తారు, సరైన అడ్రసుకు పోస్టులో రిజిస్టర్ చేసి పంపితే అందినట్టే లెక్క. స్టాప్ పేమెంట్ పెట్టినా, అకౌంట్ మూసేసినా కూడా కేసు తప్పదు, బాకీ ఉంటే.

నేను నోటీసు అందిన తొమ్మిదో రోజున ట్రాన్స్‌ఫర్ల లిస్టుతో లాయర్ చేత జవాబు ఇప్పించాను. ఆయన దిగొచ్చాడు. మిగిలిన 1,20,000, కొంత వడ్డీ బ్యాంకు ద్వారా కట్టి, ప్రోనోటు, చెక్కు రెండూ వెనక్కి తీసుకుని, బాకీ లేదని కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను.

ఇక మీ సంగతి. చెక్కు మీద తేదీ వేస్తే మూడు నెలలు దాటాక చెల్లదు, అందుకే ఓనర్లు తేదీ వద్దంటారు. తేదీ వదిలేసినా సరే, ఆయన పేరు, మొత్తం మాత్రం మీ చేత్తోనే రాయండి, రెండింటి మీదా కలిపి రెండు నెలల అద్దె 36 వేలు దాటకుండా. బేరర్ అన్న మాట కొట్టేసి క్రాస్ చేయండి. అగ్రిమెంట్లో చెక్కు నెంబర్లు, అద్దె బాకీ పడితేనే వాడాలని, ఖాళీ చేసిన రోజున తిరిగివ్వాలని రాయించండి. అద్దె ప్రతినెలా బ్యాంకు నుంచే పంపండి. ఆయన దీనికి ఒప్పుకోకుండా ఖాళీవే కావాలంటే అడ్వాన్స్ ఇంకో నెలది ఎక్కువిస్తానని అడిగి చూడండి, నేనైతే అదే చేస్తాను. ఖాళీ చేసేటప్పుడు చెక్కులు చేతికొచ్చాకే తాళాలు ఇవ్వండి, 'ఎక్కడో పెట్టాను, వెతికి ఇస్తాను' అంటే ఆ నెంబర్లు వేసి, అద్దె బాకీ లేదని ఆయన చేత ఒక కాగితం రాయించుకోండి.