అన్న కాపురం గొడవ, చెల్లెలి ఆఫీసు

ప్రశ్న: మా అమ్మాయికి 27 ఏళ్లు. పక్క ఊరి గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్. నాలుగు నెలలుగా మా కోడలు పుట్టింట్లోనే ఉంటోంది. పెద్దమనుషుల్లో రెండుసార్లు కూర్చున్నా తెగలేదు. కోడలి మేనమామ మా అమ్మాయి పనిచేసే సచివాలయంలోనే వీఆర్వో. ఇప్పుడు ఆఫీసులో సగం మంది ఆయన వైపు, ఇద్దరు ముగ్గురు మా అమ్మాయి వైపు. కొందరు మాట్లాడటం మానేశారు. తను పంపిన అర్జీలు ఆయన దగ్గర ఆగిపోతున్నాయట. నేను రెండుసార్లు వెళ్లి పంచాయతీ కార్యదర్శితో మాట్లాడాను, ఫలితం లేదు. రాజీనామా చేసి గ్రూప్-2కి చదువుకుంటానంటోంది. చేయనివ్వమంటారా?
— ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: రాజీనామా వద్దండి. దానికంటే ముందు ఒక మాట: మీరు మూడోసారి ఆ సచివాలయానికి వెళ్లొద్దు.

కష్టంగా అనిపించవచ్చు గానీ, ఈ గొడవ ఆఫీసులోకి రావడంలో మీ రాకపోకల పాత్ర కూడా ఉంది. అప్పటిదాకా అది వీఆర్వో గారి మేనకోడలి సంగతి, మీ అబ్బాయి సంగతి. మీరు వెళ్లి కార్యదర్శి ముందు కూర్చున్న రోజున అక్కడున్న పది మందికీ అది తమ ఆఫీసు పంచాయితీ అయింది. పైగా కార్యదర్శి చేయగలిగింది చాలా తక్కువ. వీఆర్వో రెవెన్యూ మనిషి, ఆయన పని చూసేది తహసీల్దార్. మీ అమ్మాయి పని ఎంపీడీవో వైపు వస్తుంది. ఒకే కప్పు కింద కూర్చున్నా పైన దారులు వేరు. కాబట్టి కార్యదర్శి మిమ్మల్ని మర్యాదగా పంపించేశారంటే ఆయన అవతలి పక్షం అని అర్థం కాదు.

ఇక పక్షాల సంగతి. ఇలాంటి ఉత్తరాల్లో 'సగం మంది వాళ్ల వైపు' అనే మాట తరచూ చూస్తుంటాను. నెమ్మదిగా పేరు పేరునా అడిగితే, నిజంగా ఆ కుటుంబంతో సంబంధం ఉన్నది ఒకరికో ఇద్దరికో అని తేలుతుంది. మిగతావాళ్ల లెక్క వేరు. ఒకరికి వీఆర్వోతో రోజూ ఫీల్డుకి వెళ్లాల్సిన పని. ఇంకొకరు సెలవు పెట్టినప్పుడు చూసుకునేది ఆయనే. మరొకరికి ఆయన బండి మీద మండలానికి వెళ్లిరావడం అలవాటు. వీళ్లెవరికీ మీ కోడలు కాపురానికి వచ్చినా రాకపోయినా ఒకటే. మీ అమ్మాయితో నవ్వుతూ మాట్లాడితే ఆయనకు కోపం వస్తుందేమోనని తల దించుకుని పోతున్నారు. అది పక్షం కాదు, జాగ్రత్త. వీళ్లని శత్రువుల లెక్కలో వేస్తే నిజంగానే శత్రువులవుతారు.

నాకు అంతకన్నా టెన్షన్ పెట్టేది మీ అమ్మాయి 'వైపు' ఉన్న ఆ ఇద్దరు ముగ్గురే. 'ఆయన నీ గురించి ఇలా అన్నాడు' అని మధ్యాహ్నం అన్నం దగ్గర మోసుకొచ్చేది వాళ్లే. ఇక్కడ ఆమె అన్న మాట అక్కడికి చేర్చేదీ చాలాసార్లు వాళ్లే. చెడ్డవాళ్లని కాదు, ఊసు దొరికింది, అంతే. ఆమె వాళ్లకి ఎన్నిసార్లు తన కథ చెబితే అన్నిసార్లు ఆఫీసు రెండుగా చీలుతుంది. ఒకే వాక్యం అలవాటు చేసుకోమనండి: "అది మా ఇంటి సంగతి అక్కా, పెద్దవాళ్లు చూసుకుంటున్నారు. ఈ అర్జీ ఎవరిది?" రెండో సగం ముఖ్యం. మాట పనిలోకి మళ్లాలి. పది రోజులు ఇలా చేస్తే మోసుకొచ్చేవాళ్లకి విసుగు పుడుతుంది.

ఆ ఆఫీసులో మహిళా పోలీస్ ఉంటారు కదా. ఊళ్లో కాపురాల గొడవలు వినడం ఆమె పనిలో భాగం. రెండు వైపులా ఆమెనే లాగుతారు. మీ అమ్మాయి ఆమెతో ఈ విషయం ఎత్తకుండా ఉండటమే మంచిది. రేపు నిజంగా ఫిర్యాదు వస్తే, 'ముందే ఆమెను తమ వైపు తిప్పుకున్నారు' అన్న మాట రాకూడదు.

ఇప్పుడు అసలు విషయం, ఆగిపోతున్న అర్జీలు. పలకరింపులు లేకపోవడాన్ని వదిలేయొచ్చు, దీన్ని వదలకూడదు. కానీ ముందు అది నిజమో కాదో తేల్చుకోవాలి. ఆదాయ ధ్రువపత్రాన్నే తీసుకోండి. ఊళ్లో మనిషి ఫారం, ఆధార్, రేషన్ కార్డు తెస్తాడు. మీ అమ్మాయి వివరాలు ఎక్కించి, కాగితాలు స్కాన్ చేసి, నంబరుతో రసీదు ఇస్తుంది. అర్జీ విచారణకు వీఆర్వో దగ్గరికి పోతుంది. తర్వాత ఆర్ఐ, చివరికి తహసీల్దార్. ఏ అర్జీ ఎవరి దగ్గర ఏ తేదీ నుంచి ఉందో నంబరు కొట్టి చూడొచ్చు.

ఆమె ఒక నోటుబుక్కులో రెండు పేజీలు రాసుకోవాలి. కోడలు వెళ్లిపోకముందు ఒక నెలలో పంపిన ఆదాయం అర్జీలు ఒక పేజీలో, ఈ నెల పంపినవి ఇంకో పేజీలో. ఒక్కొక్కటి వీఆర్వో దగ్గర ఎన్ని రోజులుంది, వెనక్కి వస్తే ఏ కారణం చూపించారు, ఇంతే. నంబర్లు రాస్తే చాలు, జనం ఆధార్ కనిపించేలా స్క్రీన్‌ను ఫోన్లో ఫొటోలు తీయొద్దు. అది ఆమె మీదికే తిరిగే తప్పు.

ఉదాహరణకి అప్పుడు ఇరవై అర్జీలు సగటున మూడు రోజులు ఆగాయి, ఇప్పుడు ఇరవై అర్జీలు ఎనిమిది రోజులు ఆగుతున్నాయి అనుకుందాం. ఇదొక్కటే చాలదు. ఈ నెలలో రీసర్వే నడుస్తోందా, ఆయన మండలం మీటింగుల్లో ఉన్నారా? మీసేవలో పెట్టుకున్న అదే ఊరి అర్జీలు కూడా విచారణకు ఆయన దగ్గరికే వస్తాయి. అవీ ఎనిమిది రోజులు పడుతుంటే ఆయనకి పని ఎక్కువైందని అర్థం, పగ కాదు. మీసేవ అర్జీలు మూడు రోజుల్లో కదిలి, మీ అమ్మాయి పంపినవి మాత్రమే ఆగుతుంటే, అప్పుడు అనుమానించాలి. వెనక్కి వచ్చిన వాటి కారణాలు కూడా నిజాయితీగా చూసుకోమనండి. 'పత్రాలు స్పష్టంగా లేవు' అని వచ్చిన స్కాన్ నిజంగానే మసకగా ఉంటే, ఆ అర్జీ విషయంలో న్యాయం ఆయనదే. మనసు బాగాలేని రోజుల్లో పనిలో పొరపాట్లు పెరుగుతాయి. ఈ లెక్కలో అది బయటపడినా మంచిదే.

తేడా నిజమని తేలితే ఎంపీడీవోకి ఒక పేజీ అర్జీ. అందులో అన్న, వదిన, మేనమామ అనే మాట ఒక్కటి కూడా ఉండకూడదు. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పంపిన ఆదాయ ధ్రువపత్రం అర్జీలు ఇన్ని. వాటిలో విచారణ దశలో గడువు దాటినవి ఇన్ని. నంబర్లు జతపరిచాను. దరఖాస్తుదారులు వచ్చి అడుగుతున్నందున తగు చర్య కోరుతున్నాను." ఇంతే. ఎంపీడీవో దాన్ని తహసీల్దార్‌కి పంపించగలరు. బంధుత్వం రాస్తే అదే కాగితం 'ఇంటి గొడవ' అయిపోయి పక్కకి పోతుంది. అర్జీ ఇచ్చి, నకలు మీద తేదీ, సంతకం వేయించుకోవాలి.

నేనొకప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో పనిచేశాను. ఇద్దరు లెక్చరర్లకి ఊళ్లో పొలం గట్టు తగాదా. స్టాఫ్ రూము రెండుగా చీలింది. ప్రిన్సిపాల్ గారు రాజీ చేద్దామని ఇద్దర్నీ కూర్చోబెట్టారు, మరింత చెడింది. తర్వాత వచ్చినాయన గట్టు సంగతే ఎత్తలేదు. ఇన్విజిలేషన్ చార్టులో ఇద్దరికీ ఒకే గది పడకుండా చూశారు. వాళ్లు కలిసిపోలేదు గానీ పరీక్షలు సజావుగా జరిగాయి. ఆఫీసు నుంచి మనం అడగాల్సింది ఆ పాటిదే.

వాట్సాప్ స్టేటస్‌లో సామెతలు పెడుతుంటారు, గుచ్చుకునేలా. పేరు లేనివాటికి జవాబివ్వొద్దు, వాటిని చూడటం మానేస్తే ఇంకా మంచిది. కానీ ఆమె ప్రవర్తన గురించి లైంగికంగా నీచమైన మాటలు ఆఫీసులో ఎవరైనా అంటే ఆ సంగతి వేరు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. పది మందికంటే తక్కువ ఉన్న చోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. మామూలు కోపతాపాలకు ఆ చట్టాన్ని వాడకండి.

మీరు అడగలేదు గానీ మీ మనసులో ఉన్న ఇంకో భయం నాకు తెలుసు: రేపు కోడలు కేసు పెడితే ఆడపడుచు పేరు కూడా రాస్తారేమోనని. కోడల్ని భర్త, అతని బంధువులు హింసించారనే కేసులకు వాడే పాత ఐపీసీ 498-ఎ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు వచ్చాయి. ఈ కేసుల్లో నేరుగా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో చెప్పింది. సాధారణంగా ముందు హాజరు కమ్మని నోటీసు వస్తుంది, దానికి తప్పకుండా వెళ్లాలి. ఫలానా రోజు ఫలానా పని చేసిందని లేకుండా ఇంటిల్లిపాదినీ కలిపి రాసిన ఆరోపణలతో బంధువుల మీద కేసు నడపకూడదని 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో అదే కోర్టు చెప్పింది. ఉద్యోగానికి దెబ్బ తగిలేది ముఖ్యంగా కస్టడీ వల్ల. 48 గంటలు మించితే సర్వీసు రూల్స్ ప్రకారం సస్పెండ్ అయినట్టే లెక్క. అందుకే నోటీసు వస్తే అదే రోజు లాయరు దగ్గరికి వెళ్లండి, ఆఫీసుకి రాతపూర్వకంగా తెలపండి. ఇదంతా మీ కోడలి బాధ అబద్ధమని చెప్పడం కాదు. ఆమె వైపు మాట నేను వినలేదు.

ఇక గ్రూప్-2. చదువుకోమనండి, ఉద్యోగంలో ఉండే చదువుకోమనండి. శాఖకు ముందే తెలియజేసి రాస్తే, ఎంపికైనప్పుడు సర్వీసు తెగకుండా మారే దారి ఉంటుంది. ఇప్పుడే రాజీనామా చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. పరీక్షలు ఎప్పుడు జరుగుతాయో మన చేతుల్లో లేని సంగతి మీకూ తెలుసు. ప్రిలిమ్స్‌కి ముందు సెలవు కావాలంటే అర్హత ఉన్న సెలవే వాడుకోవచ్చు. బదిలీ కూడా మనసులో పెట్టుకోండి. నిషేధం ఎత్తేసినప్పుడు అర్జీ పెట్టాలి, అప్పటిదాకా పరస్పర బదిలీకి ఒప్పుకునే మనిషి ఎవరైనా ఉన్నారేమో వెతుకుతూ ఉండొచ్చు. ఆ అర్జీలోనూ ఇంటి గొడవ రాయనక్కర్లేదు.

చివరగా ఒక చిన్న విషయం, దీనికి తేదీ ఉంది కాబట్టి. ఒకటో తేదీ పింఛన్లు సచివాలయం వాళ్లే ఇంటింటికీ ఇస్తున్నారు కదా. ఆమెకి ఇచ్చిన వీధుల్లో కోడలి బంధువుల ఇళ్లు ఉన్నాయేమో చూడమనండి. చేతిలో నగదు, ఎదురుగా కోపంతో ఉన్న మనుషులు. 'వంద తక్కువ ఇచ్చింది' అని ఒక్కరు అంటే చాలు. అలాంటి ఇళ్లు ఉంటే ఆ నాలుగైదు పింఛన్లను ఇంకొకరితో మార్చమని కార్యదర్శికి రెండు లైన్ల కాగితం ఇవ్వాలి. ఇది ఆయన చేయగల పనే. మారకపోతే వేలిముద్ర పడ్డాక గడప బయటే నోట్లు లెక్కపెట్టి, పక్కింటివాళ్లు చూస్తుండగా ఇమ్మనండి. నెలాఖరులోపు ఆ కాగితం ఇచ్చేయమనండి.