చలికి వేళ్లు తెల్లబడి, నీలంగా మారుతున్నాయి.. ఎందుకు?

ప్రశ్న: నా వయసు 41. భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో పని. ఏడాదిగా ఐసు ముట్టుకుంటే వేళ్లు సున్నంలా తెల్లబడి, తర్వాత నీలంగా మారుతున్నాయి. ఈమధ్య ఉంగరం రావడం లేదు, గుండెల్లో మంట కూడా ఉంటోంది. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు ఇచ్చారు, తగ్గలేదు. భయపడాలా?

డాక్టర్ సలహా: దీన్ని రేనాడ్స్ సమస్య అంటారమ్మా. చలి తగలగానే వేళ్లలోని సన్నని రక్తనాళాలు గట్టిగా ముడుచుకుంటాయి. రక్తం అందక వేలు తెల్లబడుతుంది, లోపల మిగిలిన రక్తంలో ఆక్సిజన్ తగ్గిపోయి నీలంగా మారుతుంది. నాళాలు తెరుచుకున్నాక ఎర్రబడి చురచురలాడుతుంది. ఐరన్ మాత్రలతో ఇది తగ్గదు.

పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో మొదలై, రెండు చేతులకూ ఒకేలా వస్తూ, పుండ్లు పడకుండా ఉంటే చాలామందికి దాని వెనుక ఏ జబ్బూ ఉండదు. మీకు మాత్రం నలభై దాటాక మొదలైంది. దానికి తోడు మీరు చెప్పిన మిగతా రెండు లక్షణాలను నేను తేలిగ్గా తీసుకోలేను. స్క్లెరోడెర్మా అనే జబ్బులో మొదట వేళ్లు ఉబ్బి, తర్వాత చర్మం మందమై బిగుసుకుంటుంది. అన్నవాహిక కండరాలు బలహీనపడి పులుపు పైకి తన్నుతుంది. చలికి వేళ్లు రంగు మారడం ఈ జబ్బులో తరచూ అన్నిటికన్నా ముందే కనిపిస్తుంది. మీకు ఇదే ఉందని ఉత్తరం చూసి తేల్చలేను, కానీ పరీక్ష వాయిదా వేయకండి.

ఇలాంటి జబ్బులు చూసే రుమటాలజిస్టును కలవండి. గోరు మొదట్లోని చర్మాన్ని భూతద్దం లాంటి పరికరంతో చూస్తారు. అక్కడి కేశనాళికలు ఉబ్బి, మధ్యమధ్య మాయమై ఉంటే అనుమానం బలపడుతుంది. మన ఒంటి కణాల మీదికే తిరగబడే యాంటీబాడీలను వెతికే ఏఎన్ఏ రక్తపరీక్ష కూడా చేయిస్తారు. అది ఆరోగ్యవంతుల్లోనూ కొందరికి పాజిటివ్ వస్తుంది కాబట్టి ఆ ఒక్క కాగితం చూసి బెంబేలు పడవద్దు. జబ్బు నిర్ధారణ అయితే ఊపిరితిత్తులు, గుండె పరీక్షించి, బీపీని తరచూ చూస్తారు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. వాపు తగ్గుతుందని ఊళ్లో ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, మాత్రలు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. స్క్లెరోడెర్మాలో ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు ఒక్కసారిగా బీపీ పెంచి కిడ్నీలను దెబ్బతీయవచ్చు. బీపీకో, తలనొప్పికో అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. అవి ఈ సమస్యను పెంచవచ్చు. మీ అంతట మీరు ఆపేయకండి.

వేళ్లకు రక్తం బాగా అందడానికి నిఫెడిపిన్ లేదా ఆమ్లొడిపిన్ ఇస్తారు. కాళ్లు వాయడం, తల తిరగడం ఉండవచ్చు కాబట్టి మోతాదు డాక్టరే నిర్ణయించాలి. పనిలో రబ్బరు గ్లవ్స్ లోపల పొడి నూలు గ్లవ్స్ వేసుకోండి, తడిస్తే మార్చండి. ఒళ్లంతా చల్లబడినా వేళ్లు ముడుచుకుంటాయి, అందుకే లోపల వెచ్చని బనియన్ కూడా అవసరం. ఐసు బల్ల నుంచి వేరే పనికి మార్చమని సూపర్‌వైజరును అడగండి, చీటీ మీ డాక్టరు రాసిస్తారు. తిమ్మిరెక్కిన వేళ్లను మంట దగ్గర పెట్టవద్దు, కాలినా తెలియదు. గోరువెచ్చని నీళ్లు చాలు.

వెచ్చచేసినా ఒక వేలు రంగు తిరిగి రాకుండా విపరీతంగా నొప్పి పెట్టినా, కొన నల్లబడినా, పుండు పడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.