ఒప్పందాన్ని ‘రద్దు’ చేయాలా, ‘ముగించాలా’?

సందేహం: మా అపార్ట్‌మెంట్‌కి సెక్యూరిటీ ఏజెన్సీని మారుస్తున్నాం. 11.2 క్లాజు ప్రకారం 30 రోజుల నోటీసు ఇవ్వాలి. “మీ ఒప్పందాన్ని 30 రోజుల్లో రద్దు చేస్తున్నాం. రికార్డులు అప్పగించబడవలెను” అని రాశాను. మా సెక్రటరీగారు బాగోలేదంటున్నారు. తప్పెక్కడ? – ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: మీ సెక్రటరీగారి మాటే సరి. రైలు రద్దయిందంటే ఆ బండి బయల్దేరనే లేదని అర్థం. టికెట్ డబ్బులు వెనక్కి ఇస్తారు. మీ ఏజెన్సీ ఇన్నాళ్లూ గేటు దగ్గర కాపలా కాసింది, మీరు నెలనెలా బిల్లు కట్టారు. ఆ బండి నడిచింది, ఇప్పుడు ఆగుతోంది. రద్దు అనే మాటను జనం రెండు అర్థాల్లోనూ వాడతారు, కాదనను. కానీ రేపు పాత బాకీల మీద పేచీ వస్తే ‘మొదటినుంచీ చెల్లదంటున్నారా?’ అన్న ప్రశ్నకు చోటివ్వడం దేనికి? ‘ముగిస్తున్నాం’ అనండి. అప్పటిదాకా జరిగిన పని, రావలసిన డబ్బు, డిపాజిట్ అలాగే నిలుస్తాయి.

‘30 రోజుల్లో’ ఇంకా ప్రమాదం. ‘రెండు రోజుల్లో వస్తా’ అన్నవాడు రేపే రావచ్చు. మీ మాట ప్రకారం పదో రోజునే ముగించినా తప్పు లేదన్నట్టుంది; క్లాజు అడిగేదేమో కనీసం 30 రోజుల గడువు. అందుకని రోజులు వాళ్లకు వదలకుండా మీరే లెక్కకట్టి తేదీ వేయండి. నోటీసు పంపిన రోజునుంచి లెక్కా, అందిన రోజునుంచా అన్నది ముందు ఒప్పందంలో చూసుకోండి. జూన్ 3న అందిందనుకుందాం. ఆ రోజును వదిలేస్తే జూన్ 4 మొదటి రోజు, జూలై 3 ముప్పయ్యో రోజు.

‘జూలై 3 వరకు’ అంటే సరిపోతుందా? చాలదు. ఆ రాత్రి 8 గంటలకు డ్యూటీ ఎక్కిన గార్డు తెల్లారి 8కి దిగుతాడు. అర్ధరాత్రికి ఒప్పందం తీరిపోతే మిగతా ఎనిమిది గంటలు గేటు ఎవరిది? తేదీతోపాటు గంట కూడా రాయాలి.

ఇక ‘అప్పగించబడవలెను’. ఎవరు, ఎవరికి అన్నది ఇందులో లేదు. ఆ ‘బడు’ తీసేస్తే మనుషులు కనబడతారు. నేనైతే ఇలా రాస్తాను:

“మన ఒప్పందంలోని 11.2 క్లాజును అనుసరించి ఈ నోటీసు ఇస్తున్నాం. జూలై 4 ఉదయం 8 గంటలకు ఒప్పందం ముగుస్తుంది. అప్పటిదాకా మీ సేవలు ఇప్పటిలాగే కొనసాగించాలి. అదే సమయానికి మీ సూపర్‌వైజర్ గేటు తాళాలు, విజిటర్ల రిజిస్టర్లు, సీసీ కెమెరాల పాస్‌వర్డు మా సెక్రటరీకి అప్పగించి, జాబితా మీద సంతకం చేయాలి. ఆ గంట వరకు చేసిన పనికి బిల్లు పంపండి.”

క్లాజు అన్న మాటను ‘నిబంధన’గా మార్చకండి. మీ ఒప్పందం ఇంగ్లిషులో ఉంటే, వాళ్లు కాగితం తిప్పి వెతికేది ఆ పేరుతో, ఆ అంకెతోనే.