సింధుకు, మేత అప్పు ప్రపోజల్ గురించి

కావలి

అమ్మాయ్ సింధూ,

నీ ప్రపోజల్ వాట్సాప్‌లో అందింది. అంతకుముందే మీ నాన్న ఫోన్ చేసి "అన్నా, దాని ప్రాజెక్టు మన రొయ్యల మేత వ్యాపారం మీదేనంట" అన్నాడు. వాడి గొంతులో సంబరం తెలుస్తానే ఉంది. నాకూ సంబరమే, కానీ నాలుగో పేజీలో "మా నాన్నగారి ఖాతా పుస్తకం నుంచి 120 మంది రైతులను ఎంపిక చేస్తాను" అన్న వాక్యం చూసి గుండె జారింది. దాని దగ్గరికి వస్తాను.

అధ్యాయాల వరస, మార్జిన్లు మీ కాలేజీ నమూనాలో ఎట్టా ఉంటే అట్టా పెట్టు. ప్రపోజల్‌లో మెథడాలజీ అంతా "చేస్తాను" అని రాయాలి. డిసర్టేషన్‌కు వచ్చేసరికి అదే "చేశాను" అవుతుంది.

ఆబ్జెక్టివ్‌లు ఏడు రాశావు, ఏడూ "తెలుసుకోవడం" తోనే ముగిశాయి. తెలుసుకున్నావో లేదో ఎవరు చెప్పాలి? మూడు చాలు. మొదటిది, అదే మేత బస్తా నగదుకు ఎంత, అప్పుకు ఎంత పడుతుందో లెక్కించడం. రెండోది, అప్పు మీద మేత తీసుకున్న రైతుకూ నగదు రైతుకూ పట్టుబడిలో కిలోకు అందిన ధరను పోల్చడం. మూడోది, ఆ తేడాలో సాగు విస్తీర్ణం వాటా ఎంతో పరీక్షించడం. మొదటిదానికి హైపోథిసిస్ అక్కర్లేదు, అది ఉత్త కొలత. ప్రతి ఆబ్జెక్టివ్‌కూ ఒక హైపోథిసిస్ ఉండి తీరాలని ఎవరు చెప్పారో గానీ, అది తప్పు.

రెండోదానికి మాత్రం కావాలి. "మేత అప్పు రైతులను నష్టపరుస్తుంది" అని రాశావు. అది అభిప్రాయం, దాన్ని ఏ పరీక్షా కొలవలేదు. ఇట్టా రాయి:

H₀: అప్పు రైతులకూ నగదు రైతులకూ సగటు ధర కోతలో తేడా లేదు.
H₁: తేడా ఉంది.

ధర కోత అంటే ఏందో కింద ఒక్క వాక్యంలో చెప్పాలి. ఉత్త ధర అడిగితే లాభం లేదు. కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యలు, 30 కౌంటు పట్టిన రైతుకూ 100 కౌంటు పట్టిన రైతుకూ కిలో ధర ఒకటి కాదు గదా. అందుకే పట్టుబడి రోజు ఆ కౌంటుకు బయట పలికిన రేటులోంచి రైతు చేతికి వచ్చిన రేటు తీసెయ్యి. మిగిలిన రూపాయలే నీ కొలత. దాంతో కౌంటు, సీజను రెండూ చాలావరకు లెక్కలోంచి తప్పుకుంటాయి. "అప్పు రైతు" ఎవరో కూడా ముందే తేల్చు: ఈ పంటకు వాడిన మేతలో సగానికి మించి, పట్టుబడి తర్వాత చెల్లిస్తానని తీసుకున్నవాడు. సగం నగదు, సగం అప్పు వాళ్లు తప్పకుండా ఎదురవుతారు. వాళ్లను ఎటు వెయ్యాలో గుంట గట్టు మీద నిలబడి ఆలోచించకూడదు.

ఇప్పుడు ఆ ఖాతా పుస్తకం సంగతి. చాన్నాళ్ల కిందట ఒక కుర్రాడు సహకార డెయిరీకి పాలు పోసే రైతులకూ ప్రైవేటుకు పోసేవాళ్లకూ ఆదాయం తేడా ఉందని హైపోథిసిస్ పెట్టాడు. 110 మంది దగ్గర శ్రద్ధగా వివరాలు రాసుకొచ్చాడు. పేర్లన్నీ ఒక డెయిరీ కేంద్రం రిజిస్టరులోవి. వైవాలో అడిగిన మొదటి ప్రశ్న, "ప్రైవేటుకు పోసేవాళ్లు ఎక్కడ?" ఒక్కరూ లేరు. ఉన్న 110 మందితో ఏ టెస్టు చేసినా పోలిక రాదు. ఆ ప్రపోజల్ మీద గైడుగా సంతకం పెట్టింది నేనే. ఆబ్జెక్టివ్ ఒక పేజీలో, శాంపిల్ ఇంకో పేజీలో ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

నువ్వు చేస్తున్నదీ అచ్చంగా అదే. మీ నాన్న ఖాతా పుస్తకంలో ఉండేది అప్పు రైతులే. నగదు ఇచ్చిపోయినవాడికి ఖాతా ఎందుకుంటుంది? పైగా మీ నాన్నతో తెగతెంపులు చేసుకుని ఇంకో డీలరు దగ్గరికి పోయినవాళ్లు, పంట పోయి సాగే మానేసినవాళ్లు అందులో ఉండరు. అంటే బాగా దెబ్బతిన్నవాళ్లే కనపడరు. అప్పు వల్ల పెద్ద నష్టమేమీ లేదని తేలుతుంది, అది పుస్తకం చెప్పిన మాటే గానీ రైతులు చెప్పింది కాదు.

పేర్లు మత్స్యశాఖ దగ్గరి జాబితా నుంచి తీసుకో. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ 2005 చట్టం కింద రిజిస్టరైన చెరువుల వివరాలు ఉంటాయి. విడవలూరు, ఇందుకూరుపేట రెండు మండలాలు చాలు, జిల్లా అంతా తిరగబాకు. ఒక చిక్కుంది. జాబితాలో ఉండేది యజమాని పేరు, గుంట సాగు చేసేది కౌలు రైతు కావచ్చు. మేత కొనేది, రొయ్య అమ్మేది ఎవరో వాళ్లనే అడుగుతానని రాసెయ్యి.

ఎంతమంది? ఇంకో చోట 384 అని కూడా రాశావు. అది ఎంత శాతం మంది ఏదో చేస్తున్నారని 5 శాతం అటూఇటుగా అంచనా వెయ్యడానికి వాడే లెక్క. నువ్వు రెండు సగటులను పోలుస్తున్నావు, నీకు వేరే లెక్క ఉంది:

n = 2 × (1.96 + 0.84)² × (σ/δ)²

σ అంటే ధర కోత రైతుకూ రైతుకూ ఎంత మారుతుందో, δ అంటే ఎంత తేడా ఉంటే పట్టించుకోవాలో. ఉదాహరణకు σ 20 రూపాయలు, పట్టించుకోదగ్గ తేడా కిలోకు 10 రూపాయలు అనుకో. 2 × 7.84 × 4, అంటే 62.72. గుంపుకు 63 మంది, రెండు గుంపులకు 126. సగంలో ఆపేసేవాళ్లు, పట్టుబడి చీటీ దొరకనివాళ్లు ఉంటారు కాబట్టి 140 పెట్టుకో. ఆ 20 నేను ఊహించి వేసింది. ముందు 25 మందితో పైలట్ చేసి అసలు σ కనుక్కుని లెక్క మళ్లీ కట్టు. 1.96 అయిదు శాతం సిగ్నిఫికెన్స్‌కు, 0.84 ఎనభై శాతం పవర్‌కు. వైవాలో అడుగుతారు.

ప్రశ్నావళిలో "డీలరు మిమ్మల్ని మోసం చేస్తున్నాడా" అన్న ప్రశ్న కొట్టెయ్యి. దాని బదులు కిందటి పట్టుబడి చీటీ చూపించమను. కౌంటు, టన్నులు, రేటు, తేదీ అందులోనే ఉంటాయి. జబ్బు వచ్చి తొందరగా పట్టారా అని కూడా అడుగు, ఎందుకంటే వైట్ స్పాట్ కనపడ్డ గుంటను ఎంతకైనా తెగనమ్ముతారు, అది అప్పు మీదికి నెట్టకూడదు. క్రాన్‌బాక్ ఆల్ఫా ఒకే విషయాన్ని స్కేలు మీద కొలిచే ప్రశ్నల గుంపుకే. ధరకు ఆల్ఫా కట్టి చూపిస్తే నవ్వుతారు.

విశ్లేషణ రెండు మెట్లు. ముందు t-టెస్ట్. తర్వాత అప్పు, ఎకరాలు, జబ్బు పట్టుబడి, మూడూ పెట్టి రిగ్రెషన్. నగదు రైతు తరచుగా పెద్ద రైతు, నాలుగు టన్నులు ఒకేసారి తూకం వేసేవాడికి కొనేవాడు మంచి రేటే ఇస్తాడు. రిగ్రెషన్‌లో ఎకరాలు వేశాక అప్పు తేడా కరిగిపోతే, చెప్పాల్సింది అదే. అప్పు ఎవరు తీసుకోవాలో నువ్వు చీటీలు వేసి తేల్చలేదు కాబట్టి టైటిల్లో "ప్రభావం" తీసేసి "సంబంధం" అని మార్చు.

చివరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. మీ నాన్న గుమాస్తాను వెంటబెట్టుకుని గుంటల మీదికి పోబాకు. అప్పు ఉన్న మనిషి అతని ముందర నిజం చెప్పడు. అట్టని ఒంటరిగానూ పోబాకు తల్లీ, మిట్టమధ్యాహ్నం గట్ల మీద మనిషి కనపడడు. క్లాస్‌మేట్ నొకర్ని తోడు తీసుకుని పొద్దున్నే పో, చీకటి పడకముందే ఇంటికొచ్చెయ్. మీ నాన్న మేత డీలరన్న సంగతి పరిమితుల కింద నువ్వే రాసెయ్యి, దాస్తే ఇంకెవరో చెప్తారు. వాడితో నేను మాట్లాడతాను, ఖాతా పుస్తకం ఇవ్వలేదని నొచ్చుకోకుండా.

రెండో ఆబ్జెక్టివ్, H₀, శాంపిల్, టెస్టు, ఈ నాలుగూ ఒకే కాగితం మీద ఒకదాని పక్కన ఒకటి రాసి ముందు నాకు పంపు. మిగతా పేజీలు తర్వాత చూస్తాను.

పెదనాన్న