గార్డీనియాకి గంధకం వేసేముందు, పోస్తున్న నీళ్లను చూడండి

ప్రశ్న: మా గార్డీనియా 12 అంగుళాల కుండీలో ఉంది. కొత్త ఆకులు పసుపురంగుకి తిరిగాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. కిట్‌తో మట్టి టెస్ట్ చేస్తే పీహెచ్ 7.5 వచ్చింది. గంధకం ఎంత వేయాలి? నిమ్మరసం, టీ పొడి లాంటివి సరిపోతాయా? పక్క కుండీలో హైడ్రాంజియా నీలంగా పూయాలని కూడా ఉంది.

జవాబు:

గంధకం లెక్క చెప్తాను. కానీ ముందు ఆ 7.5 నిజమో కాదో తేల్చుకోండి. నేను మొదటిసారి టెస్ట్ చేసినప్పుడు నాకు ఏకంగా 8 వచ్చింది. రెండు రోజులు టెన్షన్ పడ్డాక గుర్తొచ్చింది, ట్యూబ్‌లో డిస్టిల్డ్ వాటర్ పోయమంటే నేను కుళాయి నీళ్లు పోశాను. అంటే మట్టితో పాటు నీళ్లను కూడా కలిపి కొలిచానన్నమాట. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ చేస్తే రంగు 7 దగ్గర ఆగింది.

మట్టి ఎక్కడ తీస్తారన్నది కూడా ముఖ్యమే. కుండీ పైపొరలో తీయకండి, నీళ్లలోని ఉప్పంతా అక్కడే పేరుకుని ఉంటుంది. నాలుగు అంగుళాల లోతు నుంచి, మూడు నాలుగు చోట్ల, చెంచాతో తీసి కలపండి. చేత్తో ముట్టుకోకుండా కాగితం మీద ఆరబెట్టి, వేర్లూ రాళ్లూ ఏరేయండి. తర్వాత ట్యూబ్ మీద గీత వరకు మట్టి, దాని మీద కిట్‌లో ఇచ్చే తెల్లపొడి, నీళ్లు, రంగు చుక్కలు వేసి బాగా కుదపాలి. ఆ తెల్లపొడి బేరియం సల్ఫేట్. బంకమట్టి రేణువులను కిందికి దించి పైన నీటిని తేటగా చేయడమే దాని పని. నీరు తేరేవరకు పది నిమిషాలు ఆగి, పగటి వెలుతురులో చార్ట్ పక్కన పెట్టి చూడండి. ట్యూబ్‌లైట్ కింద పసుపుకీ లేత ఆకుపచ్చకీ తేడా నాకైతే తెలియలేదు. ఇంత చేసినా ఈ కిట్లు అర పాయింటు అటూ ఇటూ చూపిస్తాయి. గార్డీనియాకి కావలసింది 5 నుంచి 6 మధ్య కాబట్టి మన పనికి అది చాలు.

మీ ఆకుల లక్షణం కూడా కిట్‌తో ఏకీభవిస్తోంది. కొత్త ఆకుల్లో ఈనెల మధ్య భాగం పాలిపోతోందంటే సాధారణంగా అది ఇనుము అందకపోవడమే. మట్టిలో ఇనుము లేదని కాదు, పీహెచ్ పెరిగితే అది కరగకుండా ఉండిపోతుంది, వేరు తీసుకోలేదు. ముందుగా కింది పాత ఆకులు పసుపెక్కితే మాత్రం అది వేరే కథ.

ఇక గంధకం. మామూలు గరప మట్టిలో పీహెచ్‌ని ఒక పాయింటు దించడానికి చదరపు మీటరుకి దాదాపు 90 గ్రాములు వేస్తారు. ఇసుక మట్టికి తక్కువ, బంకమట్టికి ఎక్కువ. 12 అంగుళాల కుండీ వైశాల్యానికి అది సుమారు 6 గ్రాములు అవుతుంది, అంటే ఒక టీస్పూను పైచిలుకు. నేనూ అంతే వేశాను, పైన చల్లి రెండు అంగుళాల లోతు వరకు కలిపాను. గంధకం వేయగానే ఆమ్లం కాదు. మట్టిలోని బ్యాక్టీరియా దాన్ని మెల్లగా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చాలి, అందుకు తడి, వెచ్చదనం, రెండు మూడు నెలల సమయం కావాలి. అందుకే మూడు నెలలలోపు మళ్లీ వేయకండి.

నేను మూడు నెలలు ఆగి టెస్ట్ చేస్తే మళ్లీ 7 దగ్గరే ఉంది. కిట్ పాడైందేమో అనుకున్నాను. తర్వాత కుండీ అంచున తెల్లటి పొలుసు కనిపించింది, నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునేదే. అక్వేరియం పెట్టుకున్న స్నేహితుడి దగ్గర నీటి క్షారత కొలిచే చుక్కల కిట్ ఉంటే అడిగి తెచ్చాను. 14 డిగ్రీలు చూపించింది, అంటే లీటరుకి 250 మిల్లీగ్రాముల సున్నానికి, అంటే కాల్షియం కార్బొనేట్‌కి సమానం. అప్పుడు కాగితం మీద లెక్క వేశాను. రోజూ ఒక లీటరు పోస్తే నెలకి ఏడున్నర గ్రాముల సున్నం కుండీలోకి పోతోంది. ఒక గ్రాము గంధకం మూడు గ్రాముల సున్నాన్ని చెల్లుబెడుతుంది. అంటే నా 6 గ్రాముల గంధకం దాదాపు రెండున్నర నెలల నీళ్లతో సరి! అది ఆమ్లంగా మారే లోపే నేను దాన్ని రద్దు చేస్తూ వచ్చాను.

అందుకని నా సలహా, ముందు నీళ్లు మార్చండి, తర్వాతే గంధకం. వాననీళ్లు పట్టి ఉంచుకుంటే అదే ఉత్తమం, ఏసీ నుంచి కారే నీళ్లు కూడా పనికొస్తాయి. రోజూ దొరక్కపోతే కుళాయి నీళ్లలో సగం కలపండి. అప్పుడు నా లెక్కలో 250 కాస్తా 125 అయింది, మళ్లీ వేసిన గంధకం దాన్ని మోయగలిగింది. తర్వాతి మూడు నెలలకి ట్యూబ్‌లో రంగు 6 దగ్గరికి దిగింది. పాత పసుపు ఆకులు పెద్దగా కోలుకోలేదు, కొత్త చిగుళ్లు మాత్రం ముదురు ఆకుపచ్చతో వచ్చాయి.

ఈ లోపు మొక్క ఆకలితో ఉండకుండా ఇనుప చిలేట్, అంటే వేరు తీసుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము ఇవ్వొచ్చు. ప్యాకెట్ మీద ఈడీటీఏ అని ఉంటే పీహెచ్ 6.5 దాటిన మట్టిలో అది పెద్దగా పనిచేయదు, ఈడీడీహెచ్‌ఏ రకమే తీసుకోండి. మోతాదు ప్యాకెట్ మీద ఉన్నంతే.

ఇంకో చిన్న పరీక్ష. ఎండిన మట్టి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుసబుసమని నురగ వస్తే ఆ మట్టిలో సున్నం విడిగా ఉన్నట్టు. అలాంటి మట్టిలో గంధకం అంతా ఆ సున్నానికే ఖర్చవుతుంది, దాంతో పోరాడేకంటే మట్టి మార్చేయడమే తేలిక.

నిమ్మరసం, వెనిగర్ పోస్తే పీహెచ్ ఆ పూటకి తగ్గుతుంది. కానీ అవి సేంద్రియ ఆమ్లాలు, మట్టిలోని సూక్ష్మజీవులు కొద్ది రోజుల్లోనే వాటిని తినేస్తాయి, మట్టి మళ్లీ మొదటికొస్తుంది. వాడేసిన టీ పొడిలో ఆమ్లం పెద్దగా ఉండదు, ఎరువుగా వేసుకోండి తప్ప పీహెచ్ కోసం కాదు.

హైడ్రాంజియా సంగతి కొంచెం వేరు. దానికి ఆమ్లం ఒక్కటే చాలదు, నీలం రంగు రావాలంటే రేకుల్లోకి అల్యూమినియం చేరాలి. మట్టి 5 నుంచి 5.5 మధ్య ఉంటే అల్యూమినియం కరిగి వేరుకి అందుతుంది. మొగ్గలు కట్టకముందు, ముందే తడిపిన మట్టిలో, నాలుగు లీటర్ల నీటికి ఒక టేబుల్ స్పూను అల్యూమినియం సల్ఫేట్ కలిపి మూడు నాలుగు వారాలకోసారి పోస్తారు. ఎక్కువైతే వేర్లు మాడతాయి. భాస్వరం ఎక్కువున్న ఎరువులు ఆ సమయంలో ఆపేయండి, అవి అల్యూమినియాన్ని పట్టేసుకుంటాయి. తెల్లగా పూసే రకమైతే ఎంత పోసినా నీలం కాదు. ఈ అల్యూమినియం సల్ఫేట్‌ని గార్డీనియా కుండీలో మాత్రం పోయకండి, దానికి అల్యూమినియంతో పనిలేదు.