చప్పట్ల తర్వాత ఏం జరిగిందో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

తరగతిలో పిల్లల్ని చప్పట్లతో, సర్దుకునే పాటతో ఎలా దారికి తెస్తున్నావో నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. భాష బాగుంది. కానీ రెండో పేజీలో "నేను చప్పట్లు కొట్టగానే తరగతి నిశ్శబ్దమైపోయింది" అన్నావే, అక్కడ నాకు కోపం వచ్చింది. 27 ఏళ్లు ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెప్పాను. చప్పట్లు కొట్టగానే నిశ్శబ్దమైన తరగతిని ఒక్కరోజూ చూడలేదు. చప్పట్లకీ నిశ్శబ్దానికీ మధ్య నాలుగైదు క్షణాలు ఉంటాయి. నువ్వు రాయాల్సిందంతా ఆ నాలుగైదు క్షణాల్లోనే ఉంది.

నా సంగతే చెప్తాను. రెండు తరగతులూ ఒకే గదిలో, చాపల మీద 34 మంది పిల్లలు. లెక్కల పీరియడ్‌లో చింతగింజలతో కూడికలు చేయించేదాన్ని. గింజలు ఎత్తి, పలకలు తుడిచి, తెలుగు వాచకం తీసేసరికి ఎంతసేపు పడుతుందో ఒకరోజు గడియారం పెట్టి చూశాను. ఆరు నిమిషాలు! రోజుకి ఇలాంటి మార్పులు ఐదు ఉంటాయి. అంటే అరగంట పోతోంది.

శిక్షణలో నేర్పిన చప్పట్లు మొదలుపెట్టాను. నేను 'టప్ టప్, టప్‌టప్‌టప్' అని కొడితే పిల్లలు అదే తిరిగి కొట్టాలి. వారం రోజులు బ్రహ్మాండంగా నడిచింది. రెండో వారానికల్లా సగం మంది కొట్టి మళ్లీ గింజల్లో చెయ్యి పెట్టేవాళ్లు. తప్పు నాదే. పిల్లల చప్పట్లు పూర్తవకముందే "అందరూ వాచకాలు తీయండి" అని మొదలుపెట్టేదాన్ని. టీచర్ గోలలో కూడా మాట్లాడేస్తుందని తెలిశాక ఏ పిల్లాడూ ఆగడు.

చప్పట్ల బలం చప్పుడులో లేదమ్మా, చెయ్యి ఖాళీ అవడంలో ఉంది. బలపం పట్టుకున్న పిల్లాడు చప్పట్లు కొట్టలేడు, దాన్ని కింద పెట్టాల్సిందే. అందుకే కొట్టాక నేను చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. చివరి పిల్లాడి చేతులు కూడా ఖాళీ అయ్యేదాకా నోరు తెరిచేదాన్ని కాదు. తెరిచాక ఒక్క పని మాత్రమే చెప్పేదాన్ని.

మా గదికీ పక్క తరగతికీ మధ్య బీరువాలే గోడ. పక్క టీచర్ కూడా అదే వరస కొట్టేవారు. ఆవిడ కొడితే మా వాళ్లు బలపాలు దించేసేవాళ్లు! చివరికి నేను వరస మార్చుకున్నాను, మెల్లగా మూడు, గబగబా రెండు. నీ బడిలో పక్క గది ఉందా లేదా, నువ్వు రాయలేదు.

ఇప్పుడు ప్రతి శిక్షణలోనూ ఓ కొత్త చప్పట్లు నేర్పుతున్నారు. వారానికొకటి మారిస్తే పిల్లలకి అది ఆటవుతుంది కానీ గుర్తు కాదు. వాన చప్పట్లు కూడా ఒక వేలితో మొదలుపెట్టి ఐదు వేళ్లకి పెంచుతారు, తరగతిలో గోలా దాంతోపాటే పెరుగుతుంది. ఐదు వేళ్లతో మొదలుపెట్టి ఒక వేలికి దించితే గొంతులూ దిగుతాయి.

సర్దుకునే పాట పని వేరు. చప్పట్లు ఆపడానికి, పాట కదిలించడానికి. నువ్వు రెండిటినీ కలిపేశావు. నేను కట్టుకున్న పాట ఇలా మొదలయ్యేది: "గింజ గింజ డబ్బాలోకి, పలక పలక సంచిలోకి." ఎనిమిది పాదాలు, ఒక్కో పాదానికి ఒక్కో పని, చివరి పాదానికి కాళ్లు మడిచి కూర్చోవడం. రెండుసార్లు పాడితే నిమిషంన్నర. మొదట్లో వెనకబడ్డ పిల్లల కోసం మూడోసారి కూడా పాడేదాన్ని. దాంతో అందరూ మూడోసారి కోసం కూర్చునేవాళ్లు, నోరు పాడుతుంటే చేతులు కదిలేవి కావు. పాట పనిచేయడం లేదని చెప్పే గుర్తు అదే. ఆ తర్వాత రెండుసార్లు పాడి, ఎవరు మిగిలినా పాఠం మొదలుపెట్టేదాన్ని. పదిరోజులు ఇబ్బంది పడ్డాను, తర్వాత మొత్తం రెండు నిమిషాల్లో అయిపోయేది. రోజుకి 20 నిమిషాలు మిగిలాయి. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకి ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలంటుంది. ఆ 200 రోజుల్లో నాకు మిగిలింది 66 గంటలు.

ఇదంతా ఒకప్పుడు వ్యాసంగా రాసి పంపితే, ఒక సంపాదకుడు గింజలూ నిమిషాలూ కొట్టేసి "పిల్లలు దేవుళ్లు" అన్న వాక్యం మాత్రం ఉంచాడు. ఆ బాధ ఇంకా పోలేదు. నీ వ్యాసం మాత్రం అలా కాకూడదు.

ఇక నన్ను కదిలించిన సంగతి. వెనక వరసలో బలపం నోట్లో పెట్టుకున్న పిల్లాడు ఎప్పుడూ అందరికన్నా ఆలస్యంగా, పక్కవాళ్లని చూసి కొడతాడని అర వాక్యంలో రాసి వదిలేశావు. పక్కవాళ్లని చూసి ఎందుకు కొడుతున్నాడు? నా దగ్గర అలాంటి పాప ఒకతె ఉండేది. మొండిదనుకున్నాను. తనకి ఒక చెవి వినపడదని తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అప్పటి నుంచి చప్పట్లతోపాటు చెయ్యి కూడా పైకెత్తేదాన్ని.

రేపు వాణ్ని ముందు వరసలో, గోడవైపు తిరిగి కూర్చోమను. వెనక నుంచి చప్పట్లు కొట్టు. వాడు ఏం చేశాడో రాసి పంపు. వెంటనే వాళ్లమ్మకి కూడా చెప్పు.

మీ టీచరమ్మ