అకౌంటెంట్ ప్రకటనలో ఏ షరతు ఉంచాలి, ఏది తీసేయాలి

ప్రశ్న: మాది విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్ట్స్ హోల్‌సేల్. అకౌంటెంట్ కోసం ప్రకటన ఇచ్చి రెండు నెలలైంది. "ఎంకామ్ లేదా ఎంబీఏ ఫైనాన్స్, జీఎస్టీలో 10 ఏళ్ల అనుభవం, మగవారు మాత్రమే, 30 ఏళ్ల లోపు, ఇంగ్లిష్ ధారాళంగా రావాలి, సొంత బైక్, వెంటనే చేరాలి, జీతం బెస్ట్ ఇన్ ఇండస్ట్రీ" అని పెట్టాం. సరైనవాళ్లు రావట్లేదు. ఏం మార్చాలి?

మీరు అడిగిన మనిషి లేరండీ. జీఎస్టీ వచ్చిందే 2017 జూలై 1న. మొదటి రోజు నుంచీ రిటర్న్‌లు వేస్తున్నవాళ్లకు కూడా 2027 జూలైకి గానీ పదేళ్లు నిండవు. పైగా పీజీ అయ్యేసరికి 22, 23 ఏళ్లు వస్తాయి. దానిమీద పదేళ్లు పనిచేస్తే 30 దాటిపోతుంది. ఇలాంటి ప్రకటన చూసి నిజాయితీగా లెక్క వేసుకునేవాళ్లు "మనకు కాదులే" అని పక్కకు తప్పుకుంటారు. రెజ్యుమేలో ఏళ్లు పెంచి రాసేవాళ్లు మాత్రం అప్లై చేస్తారు. సరైనవాళ్లు రాకపోవడానికి మొదటి కారణం అదే.

షరతులు రాసే ముందు ఆ సీటులో నెలంతా ఏం పని జరుగుతుందో తేదీలవారీగా కాగితం మీద పెట్టండి. రోజూ కొనుగోలు, అమ్మకం బిల్లులు టాలీలో ఎక్కించడం, సరుకు కదిలేటప్పుడు ఈ-వే బిల్లు తీయడం. 7వ తేదీలోపు టీడీఎస్ కట్టడం. మీరు నెలనెలా రిటర్న్ వేసేవాళ్లయితే 11లోపు జీఎస్టీఆర్-1, 20లోపు జీఎస్టీఆర్-3బీ. మధ్యలో 14న వచ్చే జీఎస్టీఆర్-2బీతో మన కొనుగోళ్లను సరిపోల్చాలి. అసలు నైపుణ్యం ఈ చివరి పనిలోనే ఉంది. సప్లయర్ బిల్లు 2బీలో కనిపించకపోతే ఆ నెల దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోలేరు. ఆ మేరకు మీరు నగదుగా కట్టాల్సి వస్తుంది.

ఇప్పుడు ఒక్కో షరతునూ ఈ కాగితం పక్కన పెట్టి చూడండి. ఇది లేకపోతే ఏ తేదీన ఏ పని ఆగుతుంది? ఆగితే, రెండు వారాల్లో నేర్పగలమా? ఎంకామ్ లేకపోతే ఏ పనీ ఆగదు. ఆడిట్ మీ సీఏ చూసుకుంటారు. బీకామ్ చాలు, ఇంటర్ చదివి టాలీలో చేయి తిరిగినవాళ్లయినా చాలు. ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడాల్సింది ఎవరితో? సప్లయర్లకు నాలుగు ముక్కల మెయిల్ పెట్టగలిగితే సరిపోతే ఆ మాటే రాయండి. బైక్ సంగతీ అంతే. వారానికోసారి బ్యాంకుకు వెళ్లిరావాలంటే "వారానికోసారి బ్యాంకు పని ఉంటుంది" అనండి. ఆటోలో వెళ్తారో, నడిచి వెళ్తారో వాళ్లిష్టం.

అనుభవం మాత్రం పూర్తిగా తీసేయకండి, దాని కొలత మార్చండి. అకౌంట్స్ పనికి సహజమైన కొలత ఒక పూర్తి ఆర్థిక సంవత్సరం. పన్నెండు నెలల రిటర్న్‌లూ, ఒక మార్చి క్లోజింగూ సొంతంగా చేసినవాళ్లకు మీ దగ్గర వచ్చే పని దాదాపు అంతా తెలిసే ఉంటుంది. పదేళ్లుగా బిల్లులు ఎక్కించడం తప్ప ఒక్క రిటర్న్ కూడా తాకనివాళ్లు చాలామంది ఉంటారు. ఏళ్ల లెక్క ఆ తేడా పట్టదు.

"మగవారు మాత్రమే" అన్నది ఈ రోజే తీసేయండి. నియామకంలో ఆడవాళ్లపై వివక్ష కూడదని 1976 నాటి సమాన వేతన చట్టంలోనే ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతన కోడ్‌లోనూ ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, దీనికి చెప్పే కారణం సాధారణంగా మార్చి నెలలో ఆలస్యం అవుతుందని. అలాగైతే ఆ విషయమే రాయండి: "మార్చి ఆఖర్లో కొన్ని రోజులు రాత్రి 8 దాకా ఉండాల్సి రావచ్చు, ఇంటికి దింపే ఏర్పాటు మాది." ఉండగలరో లేదో వాళ్లే తేల్చుకుంటారు. వయసు షరతూ తీసేయాల్సిందే. పిల్లలు పుట్టాక మానేసి మళ్లీ పనికి రావాలనుకునే బీకామ్ ఆడవాళ్లు మన ఊళ్లల్లో ఎంతమంది లేరు! టాలీ తెలిసి ఇంట్లో ఉండిపోతున్నారు. "మధ్యలో విరామం ఉన్నా ఫర్వాలేదు" అన్న ఒక్క వాక్యం వాళ్ల కోసం రాయండి. "కుర్రాళ్లు", "అనుభవజ్ఞుడు", "చూసుకోగలవాడు" లాంటివి కూడా వద్దు. "అనుభవం ఉన్నవారు", "చూసుకోగలిగినవారు" అంటే అందరూ వస్తారు.

"వెంటనే చేరాలి" అన్నది ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నవాళ్లందరినీ ఆపేస్తుంది. నోటీసు ఇచ్చి, పని అప్పజెప్పి వచ్చే మనిషే రేపు మీ దగ్గరా అలా నడుచుకుంటారు. నెల రోజులు ఆగండి. ఇక జీతం దాచిపెట్టే అలవాటు మన దగ్గర ఎప్పుడు పోతుందో! అంకె లేని ప్రకటనకు వచ్చినవాళ్లు ఇంటర్వ్యూ అంతా అయ్యాక జీతం విని వెళ్లిపోతే ఇద్దరికీ ఒక పూట దండగ.

మార్చాక ప్రకటన ఇంచుమించు ఇలా ఉంటుంది:

"ఆటోనగర్‌లోని లారీ స్పేర్‌పార్ట్స్ హోల్‌సేల్ షాపుకు అకౌంటెంట్ కావాలి. పని: టాలీలో బిల్లులు, ఈ-వే బిల్లులు, టీడీఎస్, జీఎస్టీఆర్-1, 3బీ, ప్రతి నెలా 2బీ సరిపోల్చడం. ఆడిట్ మా సీఏ చూస్తారు. కనీసం ఒక ఆర్థిక సంవత్సరం రిటర్న్‌లు సొంతంగా వేసి ఉండాలి. డిగ్రీ తప్పనిసరి కాదు. మధ్యలో విరామం ఉన్నా ఫర్వాలేదు. ఉదయం 10 నుంచి సాయంత్రం 6.30, ఆదివారం సెలవు. జీతం రూ.22,000 నుంచి 28,000. ఎంపికకు 45 నిమిషాల టాలీ పరీక్ష ఉంటుంది."

అంకెలూ వేళలూ మీవి వేసుకోండి. తప్పనిసరి షరతు ఇందులో ఒక్కటే మిగిలింది, గమనించండి.

షరతులు తగ్గిస్తే అప్లికేషన్లు ఎక్కువ వస్తాయి. వాటిని వడపోయడానికే ఆ పరీక్ష. ఒక ఉత్తుత్తి కంపెనీ పేరుతో 20 కొనుగోలు బిల్లులూ, ఒక 2బీ ప్రింటూ తయారుచేయండి. అందులో కావాలనే మూడు తేడాలు పెట్టండి: ఒక బిల్లు 2బీలో అసలు లేకపోవడం, ఒకదాంట్లో జీఎస్టీ నంబరు తప్పు, ఒకదాంట్లో పన్ను మొత్తం వేరు. మూడూ పట్టుకుని, ఒక్కోదానికి సప్లయర్‌ను ఏమని అడగాలో చెప్పగలిగినవాళ్లకు పని వచ్చినట్టే. మీ అసలు బిల్లులు ఇచ్చి ఉచితంగా పని చేయించుకోకండి, అది అన్యాయం.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటి ఉంది. జాబ్ పోర్టల్‌లో వివరణ మార్చినా, పైన అనుభవం గడిలో పాత అంకెలే ఉండిపోతాయి. ఆ ఫిల్టర్ వల్ల ఒకటి రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు మీ ప్రకటన కనిపించకపోవచ్చు. విద్యార్హత, జెండర్ గడులు కూడా విప్పి చూడండి. కన్సల్టెన్సీకి ఇస్తే, వాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన మెసేజ్ ఒకసారి మీకు పంపమనండి. మీరు తీసేసిన "మేల్ ఓన్లీ" అక్కడ తిరిగి చేరడం మామూలే.

రెండు వారాలు నడిచాక ఎక్కడ ఆగుతోందో చూడండి. అప్లికేషన్లే రాకపోతే తప్పు ఈ గడుల్లోనో, పెట్టిన చోటులోనో ఉంది. అప్లై చేసి, ఫోన్ చేస్తే రానంటున్నారంటే జీతమో, వేళలో, దూరమో నచ్చలేదు. షరతులు ఇంకా తగ్గించినా అది మారదు. వచ్చి పరీక్షలో 2బీ దగ్గర ఆగిపోతున్నారంటే, ఆ పని ప్రకటనలో మొదటి వాక్యానికి తీసుకురండి.